చిన్న సేల్స్ టీమ్‌కి కమిషన్ ప్లాన్, కోటా ఎలా పెట్టాలి, ఏ ప్లాన్ పెడితే వాళ్ళు ఎలా ఆడతారు

ముగ్గురు నలుగురు సేల్స్ వాళ్ళున్న టీమ్‌కి కమిషన్ ప్లాన్ రాయడం అంటే చాలామంది చేసేది ఒకటే, ఎక్కడో పెద్ద కంపెనీ ప్లాన్ చూసి అందులో గేటు, స్లాబ్‌లు, బోనస్, కమిషన్ ఇంతకి మించకూడదన్న క్యాప్ అన్నీ తెచ్చి పెట్టేయడం. నేనూ మొదటిసారి అదే చేశా. ఆ ప్లాన్ ఎందుకు తన్నిందో, తర్వాత దాన్ని ఎలా మార్చామో వరసగా రాస్తున్నా. అంకెలు లెక్క తేలిగ్గా అర్థమవడానికి రౌండ్ చేశా, ఏ కరెన్సీ అనుకున్నా పర్లేదు.

పాత ప్లాన్ ఇది. టీమ్‌లో నలుగురు. ఒక్కొక్కళ్ళకి ఏడాదికి స్థిర జీతం 7.2 లక్షలు, కోటా కొడితే కమిషన్ 4.8 లక్షలు, మొత్తం 12. కోటా ఏడాదికి 60 లక్షల అమ్మకం, అంటే క్వార్టర్‌కి 15 లక్షలు. రేటు 8 శాతం. కాకపోతే ఒక గేటు ఉంది, క్వార్టర్‌లో కోటాలో 80 శాతం అంటే 12 లక్షలు దాటితేనే కమిషన్, దాటితే మొత్తం అమ్మకం మీద 8 శాతం, దాటకపోతే సున్నా. కాగితం మీద చాలా క్రమశిక్షణగా కనిపిస్తుంది, నేను గర్వంగా మీటింగ్‌లో చదివి వినిపించా కూడా.

ఇప్పుడు క్వార్టర్ ఆఖరి వారంలో ఒక రెప్, అంటే మన సేల్స్ మనిషి, బుర్రలోకి వెళ్ళి చూద్దాం. అతను 11.4 లక్షల దగ్గర ఆగిపోయాడు. చేతిలో ఒక డీల్ ఉంది, అసలు ధర 80,000, కస్టమర్ ఇంకో రెండు వారాల్లో సంతకం పెడతా అంటున్నాడు. రెండు వారాలు ఆగితే అది వచ్చే క్వార్టర్‌లో పడుతుంది, ఈ క్వార్టర్ కమిషన్ సున్నా. అదే ఇవాళే 20 శాతం డిస్కౌంట్ ఇస్తా సంతకం పెట్టండి అంటే 64,000కి డీల్ అవుతుంది, మొత్తం 12.04 లక్షలు, గేటు దాటేశాడు, కమిషన్ 96,320. అంటే కంపెనీకి 64,000 వచ్చే డీల్ వల్ల కంపెనీ కట్టేది 96 వేలు. ఇందులో రెప్ తప్పు ఏమీ లేదండి, మనం ఏది కొలిచి డబ్బిస్తామన్నామో అతను అదే చేశాడు. ఆ స్థానంలో నేనున్నా 20 కాదు 24 శాతం దాకా ఇచ్చేవాణ్ణి, ఎందుకంటే దాదాపు అక్కడిదాకా ఇచ్చినా గేటు దాటుతుంది.

మొత్తం రాసిందాంట్లో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇది: అమ్మకం ఎంతైతే డబ్బు ఎంత వస్తుందో ఒక గీత గీయండి, ఆ గీత ఎక్కడ ఒంగితే, ఎక్కడ మెట్టు ఎక్కితే అక్కడికి డీల్స్ వచ్చి పోగవుతాయి. మెట్టు ఎంత ఎత్తుంటే ఆట అంత పెద్దది. మిగతా స్టెప్పులన్నీ ఆ గీతని వీలైనంత నున్నగా చేయడం గురించే.

స్టెప్ 1: ముందు పాత డీల్స్ లిస్ట్ తీయండి

కొత్త ప్లాన్ గురించి ఆలోచించకముందే పోయిన ఏడాది డీల్స్ అన్నీ ఒక షీట్‌లో పెట్టండి. నాలుగు కాలమ్‌లు చాలు: సంతకం తేదీ, అసలు ధర మీద డిస్కౌంట్ శాతం, రెప్ పేరు, 90 రోజుల్లోపు క్యాన్సిల్ అయిందా లేదా. తేదీ ప్రకారం సార్ట్ చేయండి.

క్వార్టర్ అంటే సుమారు 90 రోజులు, ఆఖరి 10 రోజుల్లో మామూలుగా అయితే తొమ్మిదో వంతు డీల్స్ ఉండాలి. కొనేవాళ్ళ బడ్జెట్ సీజన్ వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది, అది ఓకే. కానీ సగం డీల్స్ ఆ పది రోజుల్లోనే ఉండి, డిస్కౌంట్ కాలమ్ కూడా అక్కడే ఉబ్బి, తర్వాతి క్వార్టర్ మొదటి నెల ఎండిపోయి ఉంటే అది సీజన్ కాదు, అది మీ ప్లాన్. ఇంకో గుర్తు ఏంటంటే ఒకే రెప్‌కి ఒక క్వార్టర్ బాగుండి తర్వాతది పడిపోయి మళ్ళీ తర్వాతది బాగుండటం. ఇది ఎందుకు జరుగుతుందో కోటా లెక్క దగ్గర తెలుస్తుంది.

ఇది మా ఒక్క టీమ్ కథ అనుకోకండి. పాల్ ఓయర్ అనే ఆర్థికవేత్త 1998లో ఇదే చూపించాడు, కంపెనీల ఆర్థిక సంవత్సరం చివర్లో అమ్మకాలు పెరుగుతాయి ధరలు తగ్గుతాయి, అందులో సేల్స్ వాళ్ళ కోటా ప్లాన్‌ల పాత్ర ఉందని. ఇయాన్ లార్కిన్ 2014లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ డీల్స్ చూసి, క్వార్టర్‌లో అమ్మకం పెరిగేకొద్దీ రేటు ఎగిరే ప్లాన్ వల్ల రెప్‌లు డీల్ టైమింగ్‌తో ఆడుకున్నందుకు కంపెనీ వదులుకున్న రాబడి 6 నుంచి 8 శాతం అని లెక్క కట్టాడు.

స్టెప్ 2: కోటా లీడ్స్ నుంచి కట్టుకు రండి, ఆశ నుంచి కాదు

మాకు 60 లక్షల కోటా ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? యజమానికి 240 లక్షల రాబడి కావాలి, నలుగురున్నారు, భాగిస్తే 60. ఇంతే. ఇంకా చాలాచోట్ల పోయిన ఏడాది అమ్మినదానికి 20 శాతం కలిపి ఇస్తారు, అది ఇంకా ఘోరం, ఎందుకంటే బాగా అమ్మినవాడికి వచ్చే ఏడాది కోటా పెరుగుతుంది, వాడు ఒక ఏడాది చూసి నేర్చుకుంటాడు, డిసెంబర్‌లో చేతిలో ఉన్న డీల్స్ నొక్కిపెట్టి జనవరిలో బయటికి తీస్తాడు. తెలివైనవాడికి శిక్ష వేస్తున్నామన్నమాట.

కింద నుంచి లెక్క ఇలా. మాకు నెలకి వచ్చే పనికొచ్చే లీడ్స్, అంటే బడ్జెట్, అవసరం రెండూ ఉన్న కస్టమర్ల ఎంక్వైరీలు, 70. నాలుగింట్లో ఒకటి డీల్ అవుతుంది, అంటే నెలకి 17.5 డీల్స్. సగటు డీల్ 80,000. అంటే నెలకి 14 లక్షలు, ఏడాదికి 168 లక్షలు. ఎంత గుంజినా మార్కెట్ ఇచ్చేది అదీ. నలుగురికి పంచితే తలా 42 లక్షలు. కోటా 60. అంటే సగటు రెప్ కోటాలో 70 శాతం దగ్గర ఉంటాడు, గేటేమో 80 శాతం దగ్గర పెట్టాం!

ఇక్కడ ఆగి ఆలోచించండి. 42 లక్షలు నిజాయితీగా సమానంగా అమ్మితే క్వార్టర్‌కి 10.5, నాలుగు క్వార్టర్లూ గేటు కిందే, ఏడాది మొత్తం కమిషన్ సున్నా. అదే 42ని 8.9, 12.1, 8.9, 12.1గా సర్దితే రెండు క్వార్టర్లు గేటు దాటుతుంది, 24.2 లక్షల మీద 8 శాతం, దాదాపు 1.94 లక్షలు చేతికొస్తాయి. ఒక్క డీల్ ఎక్కువ అమ్మక్కర్లేదు, ఉన్నవాటిని ముందుకీ వెనక్కీ జరిపితే చాలు. ఇందాక చెప్పిన ఒక క్వార్టర్ పండగ ఒక క్వార్టర్ ఉపవాసం అలా పుట్టిందే. నేను దాన్ని ఆరు నెలలు బద్ధకం అనుకున్నా, అందరికీ క్లాసులు కూడా పీకా, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లెక్క ఇలా తేలాక మూడు దార్లు ఉంటాయి. లీడ్స్ పెంచడం, లేదా కోటా 42కి దించి మొత్తం 12 లక్షల సంపాదన నిలబెట్టడానికి రేటు 11 శాతం పైకి తేవడం, లేదా టీమ్ చిన్నది చేయడం. కోటా సమస్య అనుకున్నది చాలాసార్లు మనుషుల సంఖ్య సమస్యే అవుతుంది, ఆ 70 లీడ్స్ నలుగురికి చాలవు, ముగ్గురికి సరిపోతాయి. ముగ్గురైతే తలా నెలకి 23 లీడ్స్, ఏడాదికి 56 లక్షలు. మా టీమ్‌లో అప్పటికే ఒకళ్ళు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు, ఆ ఖాళీ నింపలేదు. ఉన్నవాళ్ళలో ఒకళ్ళని తీసేయమని దీని అర్థం కాదు, కానీ ఐదోవాణ్ణి తీసుకునేముందు మాత్రం ఈ లెక్క తప్పకుండా వేయండి, ఎందుకంటే కొత్తవాడు వస్తే పాతవాళ్ళ లీడ్స్ తగ్గుతాయి, కోటా మాత్రం ఎవరూ తగ్గించరు.

రెండు షరతులు. కోటా 56 అంటే తలా 23 లీడ్స్ వస్తాయన్న మాట మీద నిలబడింది కాబట్టి లీడ్స్ వరస ప్రకారం పంచాలి, ఎవరు ముందు ఫోన్ ఎత్తితే వాళ్ళకి అంటే మంచివి ఒకళ్ళే ఎగరేసుకుపోతారు. రెండోది, ఒక క్వార్టర్ మొత్తం మీద లీడ్స్ సగటున నెలకి 60 కంటే తగ్గితే అదే నిష్పత్తిలో కోటా తగ్గుతుందని ముందే రాసిపెట్టండి. లేకపోతే మార్కెటింగ్ బడ్జెట్ కోసిన నెల దెబ్బ సేల్స్ వాళ్ళ జేబు మీద పడుతుంది, వాళ్ళు వెళ్ళిపోవడం మొదలయ్యేది అక్కడే. ఇక కంపెనీ ఖర్చుల బడ్జెట్ మాత్రం 168 మీద వేయకండి, 150 మీద వేయండి, అందరూ కోటా కొట్టే ఏడాది అరుదు.

స్టెప్ 3: గీత ఎలా ఉండాలో తేల్చండి

కొత్త ప్లాన్ ఇది. స్థిర జీతం 7.5 లక్షలు. మొదటి అమ్మకం నుంచే 8 శాతం, గేటు లేదు. 56 లక్షలు దాటాక దాటిన భాగం మీద మాత్రమే 11 శాతం. క్యాప్ లేదు. సరిగ్గా 56 కొడితే కమిషన్ 4.48 లక్షలు, మొత్తం దాదాపు 12. 48 దగ్గర ఆగిపోతే 3.84. 62 కొడితే 4.48కి ఇంకో 0.66 కలిపి 5.14.

ఇందులో కోటా ఉంది కానీ అది గేటు కాదు, రేటు కొంచెం పెరిగే చోటు, అంతే. ఇంతకీ గేటు ఎందుకు పెడతారంటే ఏమీ చేయనివాడికి కమిషన్ ఎందుకు అని. నిజమే, కానీ ఏమీ చేయనివాడికి 8 శాతంలో వచ్చేది కూడా ఏమీ ఉండదు కదా. పని చేయనివాడితో మాట్లాడాల్సింది మేనేజర్, ఆ పని ప్లాన్‌తో చేయించబోతే మిగతా అందరి డీల్స్ తేదీలు కదిలిపోతాయి.

"దాటిన భాగం మీద మాత్రమే" అన్న మాట చాలా ముఖ్యం. కొన్ని ప్లాన్‌లలో కోటా దాటితే మొదట్నుంచీ అమ్మిన మొత్తానికి రేటు 11 అవుతుంది. అంటే 56 దాటిన ఆ ఒక్క డీల్‌కి 56 లక్షల మీద 3 శాతం, 1.68 లక్షలు అదనంగా వచ్చి పడతాయి. మళ్ళీ మెట్టు వచ్చేసింది, గేటు పేరు మార్చుకుని వచ్చిందంతే.

ఇప్పుడు చాలామంది గమనించని విషయం. దాటిన భాగం మీదే ఇచ్చినా కోటాని క్వార్టర్ క్వార్టర్‌కి సున్నా నుంచి లెక్కపెడితే ఆట ఆగదు. క్వార్టర్ కోటా 14 అనుకోండి, ఒకతను రెండు క్వార్టర్లు 14, 14 అమ్మితే 28 మీద 8 శాతం, 2.24 లక్షలు. అదే 5 లక్షల డీల్స్ మొదటి క్వార్టర్ నుంచి రెండోదానికి జరిపి 9, 19 చేస్తే ఆ 5 లక్షల మీద 11 శాతం పడుతుంది, ఊరికే 15,000 ఎక్కువ, కంపెనీకేమో 5 లక్షలు ఆలస్యం. అందుకే లెక్క ఏడాది మొదటి నుంచి పోగు మీద వేయాలి. జనవరి నుంచి ఇప్పటిదాకా అమ్మినది ఎంత, దానికి రావాల్సింది ఎంత, ఇప్పటికే ఇచ్చింది ఎంత, తేడా ఈ నెల ఇస్తారు. ఏడాదిలో ఆ వంపు ఒక్కసారే వస్తుంది, మధ్యలో ఏ నెల నుంచి ఏ నెలకి జరిపినా పైసా తేడా రాదు. షీట్‌లో ఇంతే, B2లో ఇప్పటిదాకా అమ్మినది లక్షల్లో, C2లో ఇప్పటిదాకా ఇచ్చిన కమిషన్, అదీ లక్షల్లోనే:

```
=0.08*MIN(B2,56)+0.11*MAX(0,B2-56)-C2
```

నెల నెలా ఇవ్వండి. మూడు నెలలకోసారి ఇస్తే మధ్యలో డబ్బు అవసరమైనవాళ్ళు అడ్వాన్స్ అడుగుతారు, దానికి మళ్ళీ ఓ రిజిస్టర్.

క్యాప్ సంగతి. ఒకడు మరీ ఎక్కువ సంపాదించేస్తాడేమో అన్న భయంతో పెడతారు. పెడితే ఏమవుతుందంటే బాగా అమ్మేవాడు సెప్టెంబర్‌లో క్యాప్ తాకి మిగతా ఏడాది పైప్‌లైన్, అంటే ఇంకా సంతకం కాని డీల్స్, పెంచుకుంటూ కూర్చుంటాడు, డీల్స్ సంతకం కావు. సంజోగ్ మిశ్రా, హరికేశ్ నాయర్ 2011లో ప్రచురించిన పరిశోధన ఇలాంటిదే, కాంటాక్ట్ లెన్స్‌లు తయారుచేసే ఒక కంపెనీలో క్వార్టర్ కోటా, పైన ఒక సీలింగ్ ఉండేవి, రెండూ తీసేసి సూటిగా ఉండే కమిషన్ పెట్టాక రాబడి 9 శాతం పెరిగింది. అయితే క్యాప్ వెనక ఉన్న అసలు భయం నిజమైనదే, అదేంటంటే రెప్ కష్టం లేకుండా ఊడిపడే పెద్ద డీల్. దానికి మేం పెట్టుకున్నది, ఒకే డీల్ 6 లక్షలు దాటితే దాటిన భాగానికి 4 శాతం, కోటాలో మాత్రం పూర్తిగా లెక్క. డీల్ వచ్చాక ఈ రూల్ కనిపెట్టకండి దయచేసి, అప్పుడు అది రూల్ కాదు మోసం, ఆ రెప్ మూడు నెలల్లో రాజీనామా పెడతాడు. దీనికీ సైడ్ ఎఫెక్ట్ ఉంది, 9 లక్షల డీల్‌ని రెండు 4.5 లక్షల డీల్స్‌గా చీలుస్తారు, అందుకే ఒకే కస్టమర్ నుంచి 90 రోజుల్లో వచ్చినవన్నీ ఒకే డీల్ అని పక్కనే రాయండి.

గేటు తీసేస్తే వెనకబడ్డవాళ్ళకి తోపు ఉండదు కదా అని అడుగుతారు, సరైన ప్రశ్నే. డగ్ చంగ్, థామస్ స్టీన్‌బర్గ్, కె. సుధీర్ 2014లో తేల్చింది కూడా ఇదే, క్వార్టర్ బోనస్‌లు బలహీనంగా అమ్మేవాళ్ళని ఏడాది కోటా దారిలో ఉంచుతాయి, కోటా దాటాక వచ్చే అదనపు కమిషన్ బాగా అమ్మేవాళ్ళని ఆగిపోకుండా చూస్తుంది అని. కాబట్టి కావాలంటే పోగు 14, 28, 42 దగ్గర సమయానికి ఉన్నవాళ్ళకి 5,000 లాంటి చిన్న బోనస్ పెట్టుకోండి. అది కూడా మెట్టే, కాకపోతే 5,000 ఎత్తున్న మెట్టు కోసం 16,000 డిస్కౌంట్ ఇచ్చి కస్టమర్‌ని తొందరపెట్టాలని అంతగా అనిపించదు. ముగ్గురే ఉంటే మాత్రం సోమవారం ఓ అరగంట కూర్చుని ఒక్కొక్కరి పైప్‌లైన్ చూడటమే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం, మేం బోనస్ పెట్టలేదు.

స్టెప్ 4: డిస్కౌంట్ బాధ రెప్‌కి కూడా తెలియాలి

80,000 డీల్‌లో మా ఖర్చు 48,000, మిగిలేది 32,000. రెప్ 20 శాతం తగ్గించి 64,000కి ఇస్తే మిగిలేది 16,000, కంపెనీ లాభం సగం పోయింది. రెప్ కమిషనేమో 6,400 నుంచి 5,120కి తగ్గింది, అంటే ఐదో వంతే. మీరు సగం పోగొట్టుకుంటే అతను ఐదో వంతు పోగొట్టుకుంటున్నాడు, పైగా డిస్కౌంట్ ఇస్తే డీల్ త్వరగా అయిపోయి ఇంకో కస్టమర్‌ని చూసుకోవచ్చు. ఎవరైనా ఇచ్చేస్తారు.

సిద్ధాంతం ప్రకారం మందు ఏంటంటే అమ్మకం మీద కాకుండా మిగిలిన లాభం మీద కమిషన్ ఇవ్వడం. 32,000లో 20 శాతం అంటే అదే 6,400, డిస్కౌంట్ ఇస్తే 3,200. బావుంది కానీ ప్రతి డీల్‌కీ ఖర్చు ఎంత అన్న గొడవ మొదలవుతుంది, ఖర్చు పెరిగింది పర్చేజ్ వాళ్ళ వల్ల నా కమిషన్ ఎందుకు తగ్గాలి అంటారు, నిజమే కదా. స్లాబ్‌లు పెడదామా అంటే, 10 శాతం దాకా డిస్కౌంట్‌కి పూర్తి కమిషన్, దాటితే సగం అని పెడితే, షీట్‌లో అన్ని డీల్స్ డిస్కౌంటూ సరిగ్గా 10 అయి కూర్చుంటుంది. కస్టమర్ అడగకపోయినా సరే.

మేం చేసింది ఏంటంటే లాభం లెక్కనే నున్నటి కోతగా మార్చాం. 1 శాతం డిస్కౌంట్ అంటే 800, అది 32,000లో 2.5 శాతం. కాబట్టి ప్రతి 1 శాతం డిస్కౌంట్‌కి ఆ డీల్‌కి అసలు ధర మీద రావాల్సిన కమిషన్‌లో 2.5 శాతం కోత. 4 శాతం ఇస్తే 10 శాతం కోత, 20 శాతం ఇస్తే సగం. మీ దగ్గర మిగిలేది ధరలో 40 కాకుండా 50 శాతమైతే ఆ అంకె 2 అవుతుంది, 25 అయితే 4. కోటా లెక్కలో, పై ఫార్ములాలో మాత్రం డిస్కౌంట్ తర్వాతి ధరే పడుతుంది, కాబట్టి రెప్‌కి పోయేది కోత కంటే ఇంకొంచెం ఎక్కువే. షీట్‌లో ఈ కోతని నెలకోసారి విడిగా తీసేయండి, పై ఫార్ములాలో కలిపితే చదివేవాడికి అర్థం కాదు. C2లో మాత్రం కోతకి ముందు అంకే రాయండి, లేకపోతే ఆ కోత వచ్చే నెల తిరిగి ఇచ్చేసినట్టవుతుంది. డిస్కౌంట్ లేకుండా ఎంత వచ్చేదో, కోత వల్ల ఎంత పోయిందో పక్కపక్కన కనపడాలి, ఆ రెండో అంకెని చూశాకే మనుషులు మారతారు.

దీనివల్ల వచ్చే నష్టం కూడా చెప్తా. తర్వాత మూడేళ్ళు కొనబోయే మంచి కస్టమర్‌కి మొదటి డీల్‌లో కావాలని తగ్గించి ఇవ్వాల్సి వస్తే రెప్ వెనకాడతాడు. అలాంటప్పుడు మేనేజర్ ముందే ఒప్పుకున్న డిస్కౌంట్‌కి కోత లేదు. కానీ ఇది నెలకి ఒకటి రెండు మించితే కోత అనేది లేనట్టే, లెక్క రాసిపెట్టుకోండి.

స్టెప్ 5: డబ్బు ఎప్పుడిస్తారు, ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు

సంతకం రోజే మొత్తం ఇస్తే డబ్బు కట్టలేని కస్టమర్లు కూడా సంతకాలు పెడతారు. డబ్బు వచ్చాకే ఇస్తే రెప్ రోజంతా వసూళ్ళ ఫోన్లు చేస్తూ కొత్తవాళ్ళని వెతకడం మానేస్తాడు, పైగా మన బిల్లింగ్ వాళ్ళు ఆలస్యంగా ఇన్‌వాయిస్ పంపినా దెబ్బ అతనికే. సగం సంతకానికి, సగం డబ్బు చేరాక, ఇది మాకు కుదిరింది. 90 రోజుల్లో క్యాన్సిల్ అయితే ఇచ్చింది తర్వాతి కమిషన్‌లో సర్దుబాటు, జీతంలోంచి మాత్రం కోయొద్దు. జీతం, కమిషన్ కోతల మీద ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పేరా లాయర్‌కి చూపించి రాయించుకోండి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి మూడు నెలలు పైప్‌లైనే ఉండదు, ఆ మూడు నెలలు కోటా కమిషన్‌లో సగం గ్యారంటీగా, వెనక్కి అడగకుండా ఇచ్చాం. అప్పుగా ఇస్తే నాలుగో నెల నుంచి అప్పు తీర్చడానికే పని చేస్తున్నట్టుంటుంది, ఐదో నెల కనపడరు.

స్టెప్ 6: అమలుకి ముందు దాన్ని పగలగొట్టించండి

పోయిన ఏడాది డీల్స్ మొత్తం కొత్త ఫార్ములాలోంచి పోనివ్వండి. ఎవరికి ఎంత వచ్చేది, పాతదానికంటే ఎవరు నష్టపోతారు, ఎందుకు. నష్టపోయేది ఎక్కువ డిస్కౌంట్ ఇచ్చేవాడైతే అది మీరు కోరుకున్నదే. నష్టపోయేది మీ అందరికంటే బాగా అమ్మేవాడైతే ప్లాన్ తప్పు, ఆపండి.

తర్వాత టీమ్‌లో అందరికంటే లెక్కలు తెలిసినతన్ని పిలిచి కాగితం చేతికిచ్చి, దీంతో ఎక్కువ పని చేయకుండా ఎక్కువ డబ్బు ఎలా సంపాదిస్తావ్ అని అడిగా. మొదట నవ్వాడు.

"సార్, నిజం చెప్తే కోపం రాదు కదా?"

"రాదు, చెప్పు."

"రెన్యువల్ కూడా అమ్మకం కిందే రాశారు సార్ ఇక్కడ. పాత కస్టమర్లు ఎలాగూ కడతారు, వాళ్ళకి ఒక్క ఫోన్ చేసి 8 శాతం తీసుకుంటా, కొత్తవాళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్తా?"

నేను ఆ లైన్ పదిసార్లు చదివా, ఒక్కసారి కూడా తట్టలేదు. రెన్యువల్‌కి 2 శాతం, కోటా లెక్కలో లేదు అని మార్చాం. ఆ పావుగంట మీటింగ్ ఖరీదు ఒక టీ.

ప్లాన్ మొత్తం ఒకే పేజీలో ఉండాలి, కింద మూడు ఉదాహరణలు ఉండాలి: కోటా కొట్టినవాడు, వెనకబడినవాడు, డిస్కౌంట్ ఇచ్చినవాడు. ఏడాది మధ్యలో మార్చకండి, నిజంగా తప్పు దొరికితే రెప్‌కి లాభం వచ్చే వైపు మార్చండి, రెండో వైపు అయితే కొత్త ఏడాది దాకా నోరు మూసుకుని భరించాలి.

మొదటి ఏడాది ప్రతి క్వార్టర్ చివరా స్టెప్ 1లో చెప్పిన షీట్ మళ్ళీ తీయండి. ఆఖరి పది రోజుల వాటా తగ్గకపోతే ఇంకా ఎక్కడో మెట్టు మిగిలుందని అర్థం, చాలాసార్లు అది ప్లాన్‌లో కూడా ఉండదు, "నెలాఖరికి ఎంత వస్తుంది" అని మేనేజర్ వాట్సాప్‌లో పెట్టే ఒత్తిడిలో ఉంటుంది.

ఒక వంపు మాత్రం ఎంత చేసినా పోదు, ఏడాది ఆఖరు. 56 దాటేసినవాడు జనవరి డీల్‌ని డిసెంబర్‌లోకి లాగుతాడు, ఎందుకంటే ఇప్పుడు 11 శాతం, జనవరిలో 8. దాటలేనని తెలిసినవాడు వచ్చే ఏడాదికి పనికొస్తుందని వెనక్కి తోస్తాడు. దాన్ని ఆపాలని మేం కూడా ఓసారి రూల్స్ రాయబోయి మానేశాం. 80,000 డీల్ మీద ఆ లాగుడు వల్ల రెప్‌కి మిగిలేది 2,400. దానికోసం 4 శాతం డిస్కౌంట్ ఇచ్చినా కోత కింద పోయేది 880, డీల్ విలువ 3,200 తగ్గినందుకు పోయేది ఇంకో 352, ఇక మిగిలేది వెయ్యి చిల్లర, 8 శాతం ఇచ్చాడంటే అదీ ఉండదు. పాత ప్లాన్‌లో అదే 80,000 డీల్ 96 వేలు తెచ్చిపెట్టింది.